పాకెట్ మనీ నుంచి పాస్‌బుక్ దాకా: ఏ వయసుకు ఏ లెక్క

పిల్లలకు పాకెట్ మనీ ఎంత ఇవ్వాలన్న మాట గుంటూరులో నలుగురు తల్లిదండ్రులు కలిసిన చోట వచ్చిందంటే చర్చంతా అంకె చుట్టూనే తిరుగుతుంది. వారానికి యాభై చాలంటారు ఒకరు, వందకు కూడా ఏమొస్తుందంటారు ఇంకొకరు. నా దృష్టిలో అంకె తర్వాతి సంగతి. ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి. ఆ డబ్బుతో ఏయే ఖర్చులు పిల్లలే చూసుకోవాలి? ఆ డబ్బు ఎన్ని రోజులు రావాలి? ఈ రెండూ తేలితే అంకె దానంతటదే తేలుతుంది.

వయసుతో పాటు పెరగవలసినవి కూడా ఇవే. ఐదేళ్ల పిల్లకు ఒక్క కొనుగోలు చాలు. ఎనిమిదేళ్ల పిల్లవాడు ఒక వారాన్ని నడపగలడు. పన్నెండు, పదమూడు వచ్చేసరికి నెలను అప్పగించవచ్చు. నెల డబ్బును నెలాఖరు దాకా నడిపిన అనుభవం ఉన్న పిల్లలకే బ్యాంకు ఖాతా ఏదైనా నేర్పుతుంది. అంతకుముందే తెరిస్తే అది అమ్మానాన్నల ఖాతాల్లో ఇంకొకటిగా మిగిలిపోతుంది.

నోటు కనిపించాలి

ఇప్పటి పిల్లలకు డబ్బు కళ్లపడే సందర్భాలే తక్కువ. నాన్న స్కానర్ ముందు ఫోన్ పెడతాడు, కౌంటర్ మీద పెట్టె ఇంత డబ్బు వచ్చిందని పలుకుతుంది, చేతికి చాక్లెట్ వస్తుంది. ఇందులో నాన్న దగ్గర ఏదో తగ్గిందని తెలిసే వీలు ఐదేళ్ల పిల్లకు ఎక్కడుంది? ఫోన్‌లో డబ్బులు ఎప్పుడూ ఉంటాయనే అనుకుంటుంది. అది మొండితనం కాదు, తను చూసినదాన్నిబట్టి చేసుకున్న సరైన ఊహే.

దీనికి తోడు ఆ వయసు పిల్లలు లెక్కను కంటికి కనిపించే రాశినిబట్టి అంచనా వేస్తారు. స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ పియాజే చాలాకాలం కిందటే దీన్ని చూపించాడు. అన్నే బిళ్లలను దగ్గర దగ్గరగా ఒక వరసలో, ఎడంగా ఇంకో వరసలో పేరిస్తే, పొడవుగా ఉన్న వరసలోనే ఎక్కువున్నాయని చిన్నపిల్లలు చెబుతారు. మీ ఇంట్లోనూ చూడవచ్చు. ఎనిమిది రూపాయి బిళ్లలు ఒక పక్కన, ఒక్క పది రూపాయల నోటు ఇంకో పక్కన పెట్టి ఏది కావాలో అడగండి. చాలామంది ఐదేళ్లవాళ్లు బిళ్లల వైపే చెయ్యి చాస్తారు. ఆరేడేళ్లు వచ్చాక ఇది మారుతుంది. అంతవరకు పొదుపు గురించి చెప్పే మాటలు వాళ్లకు పట్టవు.

అందుకని ఆ వయసులో చేయవలసిన పని ఒక్కటే. వారానికి ఒకసారైనా నగదుతో కొనాలి, ఇచ్చేదీ చిల్లర పుచ్చుకునేదీ పిల్లలే అయి ఉండాలి. రైతు బజారుకు వెళ్లేటప్పుడు యాభై నోటు పిల్ల చేతికివ్వండి. ముప్పై రూపాయల టమాటాలు కొంటే ఇరవై తిరిగి వస్తుంది. ఆ ఇరవైతో కొత్తిమీర, కరివేపాకు కొన్నాక చెయ్యి ఖాళీ. జామకాయలు కావాలని అడిగితే ‘డబ్బులు అయిపోయాయి’ అన్న జవాబు తన అరచేతిలోనే ఉంటుంది. మీ జేబులో ఇంకో నోటున్నా ఆ రోజుకు తీయకండి.

మొదటి పాకెట్ మనీ: ఒక వారం

రెండో తరగతి, మూడో తరగతికి వచ్చి కూడికలు, తీసివేతలు చేస్తున్న పిల్లలకు వారం డబ్బు మొదలుపెట్టవచ్చు. జాబితా చిన్నదిగా ఉండాలి. స్కూలు దగ్గర కొనుక్కునే చిరుతిండి, స్టిక్కర్లు, సరదాకు కొనే పెన్ను లాంటివి చాలు. నోటుపుస్తకాలు, ఆటో డబ్బులు, టిఫిన్ బాక్సు ఇందులోకి రాకూడదు. అవసరాలు మీవి, సరదాలు వాళ్లవి. ఈ గీత మొదటిరోజే చెప్పకపోతే రెండో వారానికే ‘రబ్బరు కొనడానికి డబ్బులు లేవు’ అన్న పంచాయితీ వస్తుంది.

ఎంత అన్నది లెక్కించడం తేలిక. ఇప్పటిదాకా ఆ సరదాలకు మీరు వారానికి ఎంత పెడుతున్నారో రెండు, మూడు వారాలు రాసుకోండి. అది నలభై వస్తే నలభై ఇవ్వండి. కొత్తగా ఇస్తున్నది డబ్బు కాదు, ఆ డబ్బు మీద నిర్ణయం. ఇచ్చే రోజు మారకూడదు. ఆదివారం అంటే ప్రతి ఆదివారం ఇవ్వాలి, పది రూపాయల నోట్లుగా ఇవ్వాలి. మీరు రోజు తప్పితే పిల్లలు నేర్చుకునేది వేరే విషయం: ఎప్పుడొస్తుందో తెలియని డబ్బును దొరికినప్పుడే ఖర్చు చేసేయాలని.

మంగళవారానికే నలభై అయిపోతుంది. మొదటి వారాల్లో దాదాపు ఖాయంగా జరిగేది ఇదే. అప్పుడు మీరు చేయవలసిందల్లా ఊరుకోవడం. తిట్టకూడదు, ‘నేను చెప్పానా’ అనకూడదు, ఇంకో పది ఇవ్వకూడదు. మూడింటిలో ఎక్కువ చెడు చేసేది చివరిదే. బుధవారం నాడు ఆ పది దొరికిందంటే, వారం అనేది ఏడు రోజులు కాదనీ, అమ్మ మనసు కరిగేదాకా అనీ పిల్లవాడికి అర్థమవుతుంది. మన ఇళ్లలో ఆ పది ఇచ్చేది సాధారణంగా తాతయ్యో నాయనమ్మో. వాళ్లను ముందే కూర్చోబెట్టి చెప్పకపోతే ఈ పద్ధతి నడవదు. ‘ఇస్తే ఆదివారమే ఇవ్వండి, మధ్యలో వద్దు’ అని అడిగితే పెద్దవాళ్లు కాదనరు. వాళ్ల ముద్దూ తీరుతుంది, వారమూ నిలబడుతుంది.

పండగ డబ్బు సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. సంక్రాంతికి బంధువుల ఇళ్లకు వెళితే పిల్లల చేతిలో వందలు, ఐదువందలు పెడతారు. ఇంటికి రాగానే ‘నా దగ్గర దాస్తాను’ అని అమ్మ తీసుకుంటుంది. ఆ తర్వాత ఆ డబ్బు గ్యాస్ సిలిండర్‌లో కలిసిందో, ఇంకెక్కడ కలిసిందో ఎవరూ చెప్పరు. ఇది చిన్న విషయంగా తోస్తుంది గానీ, పెద్దవాళ్ల దగ్గర దాచిన డబ్బు తిరిగి రాదని పిల్లలకు గట్టిగా చెప్పే సందర్భం ఇంతకన్నా లేదు. రేపు బ్యాంకులో దాచమంటే ఎందుకు నమ్మాలి? ఒక పుస్తకంలో తేదీ, ఎవరిచ్చారు, ఎంత అని పిల్ల చేతే రాయించండి. అందులో ఒక వంతు తన ఇష్టానికి వదిలి, మిగతాది తన పేరిట ఉందని ఆ పుస్తకంలోనే చూపండి. కొన్నేళ్ల తర్వాత ఖాతా తెరిచే రోజున మొదటి జమ ఆ లెక్క ప్రకారమే కావాలి.

మార్కులకు డబ్బు కట్టడం నాకు నచ్చదు. ఎక్కువ మార్కులకు బహుమతి ఇవ్వడంలో తప్పేమీ లేదు, కానీ వారం డబ్బును దానికి ముడిపెట్టవద్దు. తక్కువ మార్కులొచ్చిన వారం డబ్బు ఆగితే ఆ వారం డబ్బు పాఠం కూడా ఆగిపోతుంది.

వారం సరిగ్గా నడుస్తోందని ఎలా తెలుస్తుంది? డబ్బు మిగిలితేనే గుర్తు అనుకోవద్దు. శుక్రవారం ఏదో ఒకటి కొనబోయి ‘వద్దులే, రేపటికి ఉండదు’ అని తనంతట తానే ఆగిన రోజు చూడండి. అది రెండు, మూడు సార్లు కనిపిస్తే వారాన్ని రెండు వారాలు చేయవచ్చు.

నెలను అప్పగించడం

ఏడో తరగతి, ఎనిమిదో తరగతిలో జాబితాలోకి మొదటి అవసరం చేరాలి. సరదాల డబ్బును ఎంత పెంచినా పిల్లలకు తెలిసేది ఆగడం ఒక్కటే. అవసరం, సరదా ఒకే పర్సులో ఉన్నప్పుడే ఏది ముందు అన్న ప్రశ్న పుడుతుంది. ఇది ఎలా నడుస్తుందో బ్రాడీపేటలోని ఒక ఇల్లు ఊహించుకుని అంకెలతో చూద్దాం.

అమ్మాయి ఎనిమిదో తరగతి. మూడు నెలల ఖర్చు రాసుకుంటే నెలకు సగటున ట్యూషన్ తర్వాత బజ్జీలు, పునుగుల లాంటి చిరుతిండికి 300, నోటుపుస్తకాలు, చార్టులు, జిరాక్సులకు 200, స్నేహితుల పుట్టినరోజు బహుమతులకు 100, క్లిప్పులు, బ్యాండ్ల లాంటి వాటికి 150 తేలింది. మొత్తం 750. ఒకటో తారీఖున ఆ 750 ఆమె చేతికిచ్చి, ఈ నాలుగూ ఇక నీవే అని చెప్పారు.

మొదటి నెల పదిహేనో తేదీకి చిరుతిండికి 260 అయింది, ఎందుకంటే రెండుసార్లు స్నేహితులకు తనే ఇప్పించింది. బహుమతి 150, క్లిప్పులూ అవీ 160, పుస్తకాలు 90. మొత్తం 660 పోయి 90 మిగిలింది. తర్వాతి వారం చిరుతిండికి ఇంకో 40 వెళ్లింది. ఇరవయ్యో తేదీన సైన్సు ప్రాజెక్టుకు చార్టు, రంగు ప్రింట్లు కలిపి 140 కావాలన్నారు. చేతిలో ఉన్నది 50.

ఇక్కడ ఇల్లు రెండు రకాలుగా తప్పు చేయగలదు. అయ్యో పాపం అని 90 ఊరికే ఇవ్వడం ఒకటి. ‘నీ తప్పే, ప్రాజెక్టు మానెయ్’ అనడం రెండోది. రెండోది కఠినంగా కనిపించినా పనికొచ్చేది కాదు, ఎందుకంటే శిక్ష చదువు మీద పడుతుంది. సరైన దారి అప్పు. 90 ఇచ్చి, పుస్తకంలో రాసి, ఆమె చేత సంతకం పెట్టించి, వచ్చే నెల 750కి బదులు 660 ఇవ్వాలి. ఆ పది రోజులూ చిరుతిండి ఇంట్లోనే. వడ్డీ వేయవద్దు. వచ్చే నెల చిన్నదైపోవడమే అప్పు గురించి తెలియవలసిన మొదటి సంగతి.

రెండో నెల 660లోంచి ఆమె ముందుగా 200 తీసి కవరులో పెట్టి ‘పుస్తకాలు’ అని రాసుకుంది. నెలాఖరుకు పుస్తకాలకు 150, చిరుతిండికి 300, బహుమతికి 120, మిగతావాటికి 60 అయ్యాయి. 630 పోయి 30 మిగిలింది. చూడండి, బహుమతుల ఖర్చు పెద్దగా తగ్గలేదు. తగ్గింది క్లిప్పులు. ఆమెకు స్నేహితులు ముఖ్యం, క్లిప్పులు కాదు. తల్లి అయితే బహుమతిలోనే కోత పెట్టేదేమో. నిర్ణయం అప్పగించడం అంటే మనకు నచ్చని ఎంపికను కూడా ఒప్పుకోవడమే.

ఇలా అప్పు లేకుండా వరుసగా మూడు నెలలు నడిస్తే ఖాతా గురించి ఆలోచించవచ్చు. నడవకపోతే నెలను మళ్లీ రెండు వారాలకు కుదించడంలో నామోషీ ఏమీ లేదు.

మొదటి ఖాతా

మన దగ్గర చాలామంది పిల్లలకు మొదటి ఖాతా ఏదో ఒక పథకం కోసం తెరుస్తారు. ఎనిమిదో తరగతిలో రాసే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్‌కు ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏడాదికి 12,000 రూపాయలు నేరుగా విద్యార్థి ఖాతాలో పడతాయి. ఖాతా తెరుస్తారు, ఆధార్ కలుపుతారు, పాస్‌బుక్ బీరువాలోకి వెళుతుంది. నాలుగేళ్ల పాటు పిల్లకు తన ఖాతా ముఖం తెలియదు.

నిబంధనలు మనం అనుకునేదానికన్నా ఉదారంగా ఉన్నాయి. ఏ వయసు పిల్లల పేరిటైనా తండ్రి లేదా తల్లి సంరక్షకులుగా ఖాతా తెరవవచ్చు. పదేళ్లు నిండిన పిల్లలైతే తామే సొంతంగా పొదుపు ఖాతా తెరిచి నడపవచ్చు. రిజర్వ్ బ్యాంకు దీన్ని 2014లోనే అనుమతించింది, 2025 ఏప్రిల్ 21న విడుదల చేసిన సర్క్యులర్‌లో మళ్లీ స్పష్టం చేసింది. ఎంత డబ్బు దాకా ఉండవచ్చు, ఏటీఎం కార్డు, చెక్కుబుక్కు, నెట్ బ్యాంకింగ్ ఇవ్వాలా అన్నది బ్యాంకు నిర్ణయం. ఏ మైనరు ఖాతాలోనైనా ఉన్నదానికి మించి తీయడం మాత్రం కుదరదు.

స్టేట్ బ్యాంకులో ఈ రెండు రకాలకూ వేర్వేరు పేర్లున్నాయి. తల్లిదండ్రులతో కలిసి ఏ వయసులోనైనా తెరిచేది పెహ్లా కదమ్. పదేళ్లు దాటి, ఒకే తీరుగా సంతకం పెట్టగల పిల్లలు ఒంటరిగా నడిపేది పెహ్లీ ఉడాన్. ‘ఒకే తీరుగా’ అన్న షరతును తేలిగ్గా తీసుకోవద్దు. పదకొండేళ్ల పిల్ల సంతకం ఏడాదికే మారిపోతుంది, విత్‌డ్రాయల్ ఫారం మీద సంతకం కలవలేదని కౌంటర్‌లో వెనక్కి ఇస్తారు. తెరవడానికి ముందు ఒక నెల పాటు అదే సంతకం సాధన చేయించండి. పొడుగు గీతలు, మెలికలు లేకుండా పూర్తి పేరు కలిపి రాస్తే చాలు.

నా సలహా పదమూడు, పద్నాలుగేళ్లకు సొంతంగా నడిపే ఖాతా. తెరిచే పని కూడా ఆమె చేతే చేయించండి. ఫారంలో పుట్టిన తేదీ, నామినీ, చిరునామా తనే నింపాలి. ఆధార్, ఫొటోలతో పాటు తల్లిదండ్రుల కేవైసీ పత్రాలూ అడుగుతారు. మొబైల్ నంబరు మాత్రం మామూలుగా మీదే ఇస్తారు కాబట్టి మెసేజ్‌లన్నీ మీ ఫోన్‌కే వస్తాయి. అంటే తన ఖాతాలో ఏం జరిగిందో అందరికన్నా ఆలస్యంగా తెలిసేది తనకే. దీనికి మందు పాస్‌బుక్. నెలకోసారి ఆమే వెళ్లి ఎంట్రీ వేయించుకుని, తన ఖర్చు పుస్తకంతో ఒక్కో వరసా సరిచూసుకోవాలి.

ఆ వరసల్లో రెండు ఆమెకు కొత్తగా కనిపిస్తాయి. ఒకటి వడ్డీ. పొదుపు ఖాతా మీద వడ్డీని రోజువారీ నిల్వ మీద లెక్కగట్టి సాధారణంగా మూడు నెలలకోసారి జమ చేస్తారు. 2025 మధ్య నుంచి పెద్ద బ్యాంకుల్లో చాలావాటిలో ఇది 2.5 శాతం. పండగ డబ్బులు 5,000 ఏడాదంతా ఉంటే 125 రూపాయలు, మూడు నెలలకు సుమారు 31. రెండోది చార్జీ. నెలలో ఉచిత విత్‌డ్రాలు అయిపోయాక ఏటీఎంలో తీసిన ప్రతిసారీ 23 రూపాయల దాకా, దానిపైన పన్నూ బ్యాంకు వసూలు చేయవచ్చు. రెండంకెలూ పక్కపక్కన రాయమనండి. మూడు నెలల వడ్డీలో చాలా భాగం ఒక్క విత్‌డ్రాకు పోతుంది. పొదుపు ఖాతా డబ్బును పెంచేది కాదు, భద్రంగా ఉంచేది అన్న సంగతి ఆమెకు ఈ రెండు వరసల్లో తెలుస్తుంది. అదే 5,000 పోస్టాఫీసు పొదుపు ఖాతాలో 4 శాతం చొప్పున ఏడాదికి 200 తెస్తుంది. అక్కడ కూడా పదేళ్లు దాటిన పిల్లలు తమ పేరిట ఖాతా తెరవవచ్చు, కనీసం 500 ఉంచాలి. ప్రైవేటు బ్యాంకులో తెరిచే ముందు మైనరు ఖాతాకు కనీస నిల్వ ఎంత, తగ్గితే జరిమానా ఎంత అని తప్పక అడగండి.

మీ సొంత డబ్బు ఆ ఖాతాలో దాచవద్దు. మైనరు పేరిట వచ్చే వడ్డీ తల్లిదండ్రుల్లో ఎక్కువ ఆదాయం ఉన్నవారి ఆదాయంలోనే కలుస్తుంది కాబట్టి పన్ను పెద్దగా తగ్గేదీ లేదు. పాస్‌బుక్‌లో తనది కాని లక్ష కనిపిస్తే ఆమె 750 లెక్కకు అర్థమే పోతుంది.

ఫోన్‌తో చెల్లింపులు

ఇంటర్‌కు విజయవాడలో హాస్టల్లో చేర్చేటప్పుడు, లేదా రోజూ గుంటూరు నుంచి బస్సులో వెళ్లి వచ్చేటప్పుడు ‘స్కానర్ లేకపోతే ఎలా’ అన్న ప్రశ్న తప్పదు. చాలామంది అమ్మ ఫోన్‌లోని యాప్ పిన్ పిల్లలకు చెప్పేస్తారు. అది ఇంటి ఖాతా మొత్తాన్ని చేతికివ్వడమే. దానికి బదులు 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్‌ను వాడవచ్చు. మీ ఖాతా నుంచి చెల్లించే అధికారాన్ని ఇంకొకరికి ఇచ్చే పద్ధతి ఇది, వాళ్లకు సొంత ఖాతా అక్కర్లేదు. ఇందులో ఒక తీరులో ప్రతి చెల్లింపుకూ మీరు మీ పిన్ నొక్కి ఒప్పుకోవాలి. ఇంకో తీరులో నెలకు ఇంత అని పరిమితి పెడితే దానిలోపల వాళ్లే చెల్లించుకుంటారు. ఆ పరిమితి నెలకు 15,000, ఒక్కో చెల్లింపుకు 5,000 దాటదు. మీరు 1,000 అని కూడా పెట్టవచ్చు.

మొదటి తీరు భద్రంగా కనిపిస్తుంది గానీ ప్రతి సమోసాకూ అనుమతి అడిగే పిల్లవాడు నిర్ణయం తీసుకోవడం లేదు. అలవాటయ్యేదాకా ఒక వారం అది, తర్వాత చిన్న పరిమితితో రెండోది మంచిది. ఫోన్ చేతికిచ్చేముందు ఒక్క సంగతి నోటికి రావాలి: పిన్ కొడితే డబ్బు పోతుంది, రావడానికి పిన్ అక్కర్లేదు. ‘డబ్బులు పంపిస్తున్నా, పిన్ కొట్టు’ అని ఎవరన్నా, అది మోసమే. పొరపాటున పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. గంటలు గడిచేకొద్దీ ఆ డబ్బు ఇంకో ఖాతాకు, అక్కడి నుంచి మరో ఖాతాకు వెళ్లిపోతుంది.

ఆ ‘ఇంకో ఖాతా’ చాలాసార్లు ఎవరో విద్యార్థిది కావడం ఈ కాలపు బాధ. నీ ఖాతాలో కొంత డబ్బు పడుతుంది, కమిషన్ ఉంచుకుని మిగతాది ఫలానా నంబరుకు పంపు అని తెలిసినవాడే అడుగుతాడు. మోసపోయినవాళ్ల డబ్బు అలా చేతులు మారుతుంది, పోలీసులు మొదట వచ్చేది ఆ ఖాతా ఎవరి పేరిట ఉందో వాళ్ల ఇంటికే. ఖాతా, కార్డు, సిమ్ కార్డు స్నేహితుడికైనా ఒక్కరోజుకైనా ఇవ్వకూడదని పద్దెనిమిదేళ్లకు కాదు, పద్నాలుగేళ్లకే చెప్పాలి.

పద్దెనిమిది నిండిన రోజు మైనరు ఖాతా దానంతటదే మామూలు ఖాతా అయిపోదు. బ్యాంకు కొత్తగా సంతకం నమూనా, ఖాతా నడిపే తీరు గురించి సూచనలు తీసుకోవాలి, కేవైసీ మళ్లీ చేయాలి. అవి అయ్యేదాకా లావాదేవీలు ఆగిపోవచ్చు. మన పిల్లలకు ఇది సరిగ్గా ఇంటర్ పూర్తయి కౌన్సెలింగ్, కాలేజీ ఫీజులు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు నడిచే నెలల్లో వచ్చి పడుతుంది. అందుకని పుట్టినరోజుకు ఒక నెల ముందే ఆమెను బ్రాంచికి పంపి ఏయే కాగితాలు కావాలో అడిగి రమ్మనండి. పాన్ కార్డుకు కూడా అప్పుడే దరఖాస్తు చేయిస్తే, మీ నంబరు స్థానంలో తన నంబరు, పాత సంతకం స్థానంలో కొత్తది, అన్నీ ఒకే రాకపోకలో తేలిపోతాయి.